నాలుగో జాములో కూనిరాగం

రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కిన నర్సుకు అర్ధరాత్రి దాకా నిద్ర పెద్ద బాధ కాదు. కొత్త కేసులు వస్తాయి, మందుల వేళలుంటాయి, పేషెంట్ల తాలూకు మనుషులు పదేపదే వచ్చి అడుగుతుంటారు. ఒంటిగంట దాటాక ఆసుపత్రి సద్దుమణుగుతుంది. అసలు పరీక్ష మూడు గంటల తర్వాత మొదలవుతుంది. మన పెద్దలు రాత్రిని నాలుగు జాములు చేశారు కదా, ఆ లెక్కలో అది నాలుగో జాము. కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది, ఏసీ లేని గదిలోనూ చలేస్తుంది, రాస్తున్న అక్షరం గీత దాటి కిందికి జారుతుంది. ఆ రెండు మూడు గంటలు పాటతో గట్టెక్కడం నేర్చుకున్న ఒక నర్సు కథ ఇది. ఆమె కల్పిత పాత్ర, అందుకే పేరు పెట్టడం లేదు. ఆమె చేసే పని, ఒంట్లో జరిగేది, పాట చేయగలిగింది, చేయలేనిది మాత్రం కల్పన కావు.

ఆమె పనిచేసేది ఉత్తరాంధ్రలో ఒక జిల్లా ఆసుపత్రి. పుట్టిన పిల్లల ప్రత్యేక వార్డు, అక్కడందరూ ఎస్‌ఎన్‌సీయూ అంటారు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు వార్మర్ల కింద, కామెర్లు వచ్చినవాళ్లు నీలి దీపాల కింద, పుట్టగానే ఏడవనివాళ్లు ఆక్సిజన్ మీద ఉంటారు. ఇద్దరు నర్సులు, ఒక ఆయమ్మ, పిలిస్తే వచ్చే డ్యూటీ డాక్టరు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా. రెండు గంటలకోసారి పాలు పట్టాలి, ఉష్ణోగ్రత చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి, చార్టులో రాయాలి. పెద్దవాళ్ల వార్డులో పేషెంటే మూలిగి, పిలిచి నర్సును లేపుతాడు. ఇక్కడి పేషెంట్లు అసలు ప్రమాదం వచ్చినప్పుడు ఏడవరు. ఊరికే ఊపిరి తీయడం మానేస్తారు.

నెలలు నిండని బిడ్డ మెదడులో ఊపిరిని నడిపే భాగం ఇంకా పూర్తిగా కుదురుకోదు. అందుకని ఉన్నట్టుండి శ్వాస ఆగుతుంది. ఇరవై సెకన్లు దాటితే దాన్ని ఆప్నియా అని లెక్కవేస్తారు. చాలాసార్లు అరికాలి మీద వేలితో చిన్నగా తడితే చాలు, బిడ్డ ఉలిక్కిపడి మళ్లీ ఊపిరి అందుకుంటుంది. ఆ తట్టే చేయి సమయానికి అక్కడ ఉండాలి.

కొత్తలో ఆమె చేసింది మనలో చాలామంది చేసేదే. ఫోన్‌లో జోరుగా ఉండే సినిమా పాటలు ఒక వరస పేర్చుకుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చార్టులు రాసుకునేది. మొదటి పాటకు కాలు ఆడేది, రెండో పాటకు తల ఊగేది. అయిదారు పాటలయ్యేసరికి ఆ డప్పుల హోరు కిటికీ బయటి వాన చప్పుడులా అయిపోయేది. వినబడుతూనే ఉంటుంది, మనిషిని మాత్రం తాకదు. అప్పుడు సౌండు పెంచేది. ఇంకో పావుగంట గడిచేది.

ఇందులో ఆమె తప్పేమీ లేదు. 1998లో ఇంగ్లండులోని లాఫ్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు రేనర్, హోర్న్ నిద్ర చాలని మనుషుల్ని కారు నడిపే యంత్రం ముందు కూర్చోబెట్టి చూశారు. ఒకసారి ముఖానికి చల్లగాలి కొట్టించారు, ఇంకోసారి రేడియో పెట్టించారు. రెండూ తాత్కాలికమేనని తేలింది. రేడియో కాస్త నయం, అదీ ఎక్కువగా మొదటి అరగంటలోనే. రాత్రి లారీ నడిపే డ్రైవర్లకు ఈ సంగతి ఏ ప్రయోగమూ లేకుండానే తెలుసు. కేవలం వినే పాట కాసేపు ఉత్సాహాన్నిస్తుంది, నిద్ర బాకీని తీర్చదు.

ఆ బాకీ ఎక్కడ పేరుకుంటుందో చెప్పాలి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగుపడుతుంటుంది, దాంతో కళ్లు బరువెక్కుతాయి. కాఫీ, టీలలోని కెఫీన్ చేసే పనల్లా ఆ అడెనోసిన్ వెళ్లి కూర్చోవలసిన చోటును తాను ఆక్రమించడమే. పోగు తగ్గదు, కాసేపు దాని ప్రభావం తెలియదు. దీనికి తోడు ఒంట్లో గడియారం ఒకటుంది. కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున కలుసుకునే చోటికి కాస్త పైన చిన్న కణాల గుంపు ఉంది, పగలు రాత్రి తేడాను ఒళ్లంతటికీ చెప్పేది అదే. కణాల లోపల ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ గడియారం లెక్కలో తెల్లవారుజామున ఒంటి వేడి అన్నిటికంటే తక్కువ స్థాయికి దిగుతుంది. ఆమెకు వేసే చలి అదే. పోగుపడిన అలసట, అట్టడుక్కు దిగిన గడియారం రెండూ ఒకేసారి మీద పడేది మూడు నుంచి అయిదు లోపల. నాలుగు రోజులు వరుసగా నైట్ డ్యూటీ వేసినంత మాత్రాన ఆ గడియారం పగటిని రాత్రి అనుకోదు.

ఇక్కడ ఒక విషయం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. ఆప్నియా వచ్చే పిల్లలకు డాక్టర్లు ఇచ్చే మందు కెఫీన్. నర్సు చేతిలోని టీ గ్లాసులో ఉన్నదీ, బిడ్డకు కొలిచి ఎక్కించేదీ ఒకే పదార్థం. పెద్దవాళ్ల ఒంట్లో అయిదు గంటలకల్లా దాదాపు సగం తగ్గిపోయే కెఫీన్, నెలలు నిండని బిడ్డ ఒంట్లో సగం కావడానికి నాలుగు రోజుల దాకా పడుతుంది. ఊపిరి మరిచిపోకుండా బిడ్డకూ, బిడ్డను మరిచిపోకుండా నర్సుకూ ఆ రాత్రి అదే ఆసరా.

ఇయర్‌ఫోన్ కథ ఒక బుధవారం రాత్రి ముగిసింది. వేలికో పాదానికో చుట్టి ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటరు ప్రతి గుండె చప్పుడుకూ బీప్ అంటుందని అందరికీ తెలుసు. ఆ బీప్‌కు స్థాయి ఉంటుందన్న సంగతి బయటివాళ్లు అంతగా గమనించరు. రక్తంలో ఆక్సిజన్ శాతం దిగుతున్నకొద్దీ బీప్ స్వరం కూడా కిందికి దిగేటట్టు ఆ యంత్రాన్ని తయారు చేశారు. అలవాటైన చెవికి తెర వైపు చూడకుండానే తేడా తెలుస్తుంది. శ్రుతి తప్పితే సంగీతం తెలిసినవాళ్లు తలెత్తినట్టు, నర్సులు తలెత్తుతారు. ఆ రాత్రి మూడో వార్మర్ దగ్గర స్వరం మెట్టు మెట్టు దిగుతోంది. ఇయర్‌ఫోన్ ఉన్న చెవి అటువైపుంది. అవతలి గదిలో సిరంజిలు సర్దుతున్న సీనియర్ సిస్టర్ పరుగున వచ్చి బిడ్డ అరికాలు తట్టింది. బిడ్డ నీలిరంగు తిరిగి ఎర్రబడింది. స్వరం మళ్లీ పైకి ఎక్కింది.

సీనియర్ కసరలేదు. చార్టులో సమయం రాయించి, "చెవులు రెండూ పిల్లలవే అమ్మాయ్. నీ పాట నీ నోట్లో ఉంచుకో" అంది.

ఆమె ఆ మాటను కోప్పడటం అనుకుంది. పది రోజుల తర్వాత గాని అది ఉపాయమని తెలియలేదు.

అసలు ఫోన్‌కు ఆ వార్డులో చోటు లేదు. లోపలికి వచ్చేముందు గాజులు, ఉంగరాలు, వాచీ తీసేసి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. కిలోన్నర లేని బిడ్డకు చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అందరి చేతులూ తిరిగిన ఫోన్ మీద ఒకసారి వేలు పెట్టి పాట మారిస్తే చేతులు మళ్లీ మొదటినుంచి కడుక్కోవాలి. మాస్కు వెనకాల పెదవి కదపకుండా తీసే కూనిరాగానికి ఆ ఇబ్బంది లేదు.

ఆ రాగం ఏదో ఆయమ్మ దగ్గర దొరికింది. ఒకరోజు మూడున్నరకు పాల సమయం అయ్యాక ఆమె కుర్చీలో జారగిలబడటం చూసి ఆయమ్మ పలకరించింది. "ఏటి సిస్టరమ్మా, కునుకొస్తందా? కూకుంటే మరీ వస్తాది. లెగండి, ఈ గుడ్డలు మడత పెడదాం." వార్డుకు ఆనుకుని ఉన్న చిన్న గదిలో ఉతికి, ఎండబెట్టి తెచ్చిన పిల్లల గుడ్డలు గుట్టగా ఉన్నాయి. అద్దం తలుపులోంచి వార్మర్లన్నీ కనిపిస్తాయి, బీప్‌లూ వినిపిస్తాయి. ఆ రోజు లోపల రెండో నర్సు ఉంది. గుడ్డ రెండు కొసలు ఆమె చేతికిచ్చి, తన రెండు కొసలు పట్టుకుని ఆయమ్మ సన్నగా ఒక పాట ఎత్తింది. ఒక చరణం పాడి ఆగింది. "అనండి మరి" అంది.

అది తిరగలి పాట. ఆయమ్మ తల్లీ, పెద్దమ్మా కోడి కూయకముందే లేచి తిరగలి దగ్గర ఎదురెదురుగా కూర్చునేవాళ్లట. ఇద్దరి చేతులూ ఒకే కొయ్యపిడి మీద. ఒకామె చరణం అంటే రెండో ఆమె అందుకోవాలి. ఎడమచేత్తో పిడికెడు గింజలు కంటిలో పోస్తూ, కుడిచేత్తో తిప్పుతూ, పాడుతూ. బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటివాళ్లు ఊరూరా తిరిగి పోగుచేసిన జానపద గేయాల్లో ఈ పని పాటలకు పెద్ద వాటా ఉంది. విసిరేటప్పుడు, దంచేటప్పుడు, నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్లు పాడుకున్నవి. వాటిని సాహిత్యంగా చదువుకున్నప్పుడు భావం, భాష, అత్తాకోడళ్ల దెప్పుళ్లు చూస్తాం. పాడినవాళ్లకు వాటితో ఇంకో అవసరం ఉండేది. తెల్లవారకముందు, రెండు పూటలు పనిచేసిన ఒంటితో, చీకట్లో, ఒకే కదలికను గంటల తరబడి చేయాలి. నిద్ర ముంచుకొచ్చే పనుల్లో అంతకు మించింది లేదు.

ఆయమ్మ ఆ పాటలోని కిటుకు కూడా చెప్పింది. "మా పెద్దమ్మ అందుకోటం ఆలస్యమైతే మా అమ్మకు తెలిసిపోయీది, కునికిందని. పిడి మీదే చెయ్యి చరిచీది."

ఈ కిటుకును కాస్త విప్పి చూడాలి. నిద్రలేమిలో అన్నిటికంటే ప్రమాదమైంది పూర్తిగా నిద్రపోవడం కాదు, అది అందరికీ కనబడుతుంది. కళ్లు తెరిచే ఉండి మెదడు రెండు మూడు సెకన్లు, ఒక్కోసారి ఇంకాసేపు ఆగిపోతుంది. ఆ మనిషికే ఆ సంగతి తెలియదు, ‘మెలకువగానే ఉన్నా’నని ప్రమాణం చేస్తుంది. వినే పాటకు దాన్ని పట్టుకునే దారి లేదు, మనం ఉన్నా లేకపోయినా అది సాగిపోతుంది. పాడే పాట అలా కాదు. ఊపిరి సరిచూసుకోవాలి, తర్వాతి మాట గుర్తుకు రావాలి, ఎదుటి మనిషి ఆపిన చోట అందుకోవాలి. మెదడు రెండు సెకన్లు ఆగితే పాట కూడా ఆగుతుంది. ఆ ఖాళీ ఎదుటివాళ్లకు వినబడుతుంది. శివరాత్రి జాగారంలో ఇళ్లలో సినిమా చూస్తూ కూర్చున్నవాళ్లు రెండింటికే సోలిపోవడం, గుడి మండపంలో నిలబడి చప్పట్లు కొడుతూ భజనలో గొంతు కలిపినవాళ్లు తెల్లవార్లూ ఉండటం మనం చూస్తున్నదే. భక్తి తేడా ఒక్కటే దానికి కారణమని నేననుకోను. అక్కడ వంతు తప్పితే పక్కవాడు మోచేత్తో పొడుస్తాడు.

అప్పటినుంచి ఆమె రాత్రికి ఒక వరస ఏర్పడింది. ఒంటిగంటకు డ్యూటీ రూంలో టీ తాగే పది నిమిషాలూ ఫోన్ తీస్తుంది. అప్పుడు వినేది కొత్త పాటలు కావు. చిన్నప్పుడు నాన్న టేప్‌రికార్డరులో అరిగేదాకా విన్న ఇళయరాజా పాటలు. పల్లవికీ చరణానికీ మధ్య వయొలిన్లు ఎక్కడ లేస్తాయో, వేణువు ఎక్కడ అందుకుంటుందో ఆమెకు కంఠతా వచ్చు. రాబోతున్నదని తెలిసి ఎదురుచూడటంలో ఒక సంతోషం ఉంది. 2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సలింపూర్, జటోర్రె బృందం ఇష్టమైన సంగీతం వింటున్నవాళ్ల మెదళ్లను స్కాన్ చేసినప్పుడు, ఒళ్లు జలదరించే ఘట్టంలోనే కాక దానికి ముందు ఎదురుచూపులో కూడా డోపమైన్ విడుదలవుతున్నట్టు కనబడింది. ఆశపడటానికీ సంతోషానికీ మెదడు వాడే రసాయనం అది. ఎప్పుడూ వినని పాటకు ఈ ఎదురుచూపు ఉండదు, ఏం వస్తుందో తెలియదు కనుక. నైట్ డ్యూటీకి పాత పాటలే మేలని ఆమె అనుభవంతో తేల్చుకున్నదానికి ఇది సరిపోతుంది.

మూడు తర్వాత ఫోన్ లేదు. ట్యూబు ద్వారా పాలు పట్టేటప్పుడు సిరంజిని బిడ్డకు కాస్త పైన నిలువుగా పట్టుకుంటే పాలు వాటి బరువుకు అవే దిగుతాయి. తొందరగా తొయ్యకూడదు. పది, పదిహేను నిమిషాలు చేయి ఎత్తి పట్టుకుని, బిడ్డ రంగు చూస్తూ, పొట్ట చూస్తూ నిలబడాలి. తిరగలి తిప్పడం లాగే మార్పు లేని పని. అక్కడ ఆమె తిరగలి పాటను మాస్కు వెనక సన్నగా తీస్తుంది. నెలలు నిండని పిల్లల వార్డులో శబ్దం 45 డెసిబెల్స్ లోపు ఉండాలని అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ చెప్పింది. మెల్లగా మాట్లాడుకునే మాటకంటే తక్కువే అది. కాబట్టి రాగం ఆమెకూ, పక్క వార్మర్ దగ్గరున్న తోటి సిస్టర్‌కూ వినబడితే చాలు. సిస్టర్ తన వంతు అందుకుంటుంది. ఇద్దరిలో ఎవరి గొంతు ఆగినా రెండో మనిషి తలెత్తి చూస్తుంది.

పాట పూర్తిగా ఆపాల్సిన చోట్లు ఉన్నాయి, ఇవి చాలా ముఖ్యం. ఒక బిడ్డ బరువు 1,400 గ్రాములు అనుకుందాం. డాక్టరు కిలోకు రోజుకు 150 మి.లీ. పాలు రాశారు. 1.4ను 150తో గుణిస్తే 210. రెండు గంటలకోసారి అంటే రోజుకు పన్నెండుసార్లు, ఒక్కోసారికి 17.5 మి.లీ. పగలు ఏడో తరగతి పిల్లాడు చేసే లెక్క ఇది. నాలుగో జామున నర్సు దీన్ని రెండుసార్లు వేయాలి, రెండో సిస్టర్ విడిగా వేసి సరిచూడాలి. మాటలున్న పాట మెదడులో అంకెలు, మాటలు నిలబడే చోటునే ఆక్రమిస్తుంది. అందుకే ఎవరైనా గట్టిగా అంకెలు చెబుతుంటే మనం డబ్బు లెక్కపెట్టలేం. మందు కొలిచేటప్పుడు, చార్టు ఎక్కించేటప్పుడు, ఊపిరి ఒక నిమిషం పాటు లెక్కపెట్టేటప్పుడు నోట్లో రాగం కూడా ఉండకూడదు. ఆమె దానికో గుర్తు పెట్టుకుంది. చేతిలో సిరంజి గాని పెన్ను గాని పట్టి అంకె చూస్తుంటే పాట లేదు. అంకె దాటాకే మళ్లీ.

జాగ్రత్తగా ఉండాల్సింది ఇంకొకటి. పాట ఒక చరణం నుంచి ఇంకో చరణానికి ఎలా వెళ్లిందో గుర్తు రాకపోతే, అదే పాదాన్ని మూడోసారి పాడుతుంటే, ఆ పాట పని అయిపోయినట్టే. అప్పుడు ఇంకో పాట వెతుక్కోవడం కాదు, తోటి మనిషికి చెప్పాలి. "అక్కా, నాకు కుదరడం లేదు, కాసేపు చూడు" అనడం మొదట్లో ఆమెకు నామోషీగా ఉండేది. తర్వాత ఇద్దరూ కలిసి ఏర్పాటు చేసుకున్నారు. వార్డు నెమ్మదిగా ఉన్న రాత్రి, సీనియర్‌కు చెప్పి, రెండుంబావుకు ఒకరు, రెండుముప్పావుకు ఒకరు, ఇరవై నిమిషాలు పక్కగదిలో నడుం వాలుస్తారు. వాలేముందు అరగ్లాసు టీ. అది వింతగా అనిపించవచ్చు గాని కెఫీన్ పట్టుకోవడానికి ఎటూ ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఈలోపు కునుకు అయిపోతుంది. డ్రైవర్ల మీద ఈ రెంటినీ కలిపి చూసింది కూడా పైన చెప్పిన లాఫ్‌బరో వాళ్లే, ఆ కలయిక రేడియో కంటే చాలా బాగా పనిచేసింది. కునుకు అరగంట దాటితే మాత్రం గాఢనిద్రలోకి జారి, లేపినా కాసేపు మనిషికి దిక్కు తెలియదు. ఆ మత్తులో మందు కొలవకూడదు. వార్డులో ఒక్కరే నర్సు ఉన్న రాత్రి ఈ ఏర్పాటు కుదరదు. ఆ లోటును ఏ పాటా పూడ్చదు, ఇంకో మనిషిని వేయాల్సిందే.

ఇంతవరకూ మెలకువ గురించే చెప్పాను. ఊరట వేరే సంగతి.

ఒక రాత్రి ఒకటిన్నరకు ఎనిమిది వందల గ్రాముల బిడ్డ పోయింది. డాక్టరు, ఇద్దరు సిస్టర్లు చేయగలిగిందంతా చేశారు. తండ్రి వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమె ట్యూబులు తీసి, ఒళ్లు తుడిచి, తెల్లగుడ్డలో చుట్టి అమ్మమ్మ చేతికిచ్చింది. ఆ తర్వాత రెండింటికి మిగిలిన పిల్లలందరికీ పాల వేళ. ఏడవడానికి డ్యూటీ చార్టులో గడి లేదు. అప్పుడు ఆమెకు తిరగలి పాట నోట రాలేదు. జోరు పాటలు తలచుకుంటేనే వెగటు పుట్టింది. ఆయమ్మ కూడా ఏమీ పాడలేదు. వేడినీళ్లు తెచ్చి ఇచ్చి పక్కన నిలబడింది.

నాలుగింటికి కంగారూ పద్ధతి కుర్చీలో ఒక తల్లి, కిలోన్నర బిడ్డను రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేట్టు కట్టుకుని, చిన్నగా జోలపాట మొదలుపెట్టింది. అన్నమయ్యదే, మన ఇళ్లలో అందరికీ వచ్చిందే. పక్కన నిలబడి చార్టు చూస్తున్న ఆమె తెలియకుండానే గొంతు కలిపింది. కళ్లు తడిసినా చేయి వణకలేదు. జోలపాట వింటే ఆమెకు నిద్ర రావాలి కదా అనుకుంటాం. జోలపాట బిడ్డను నిద్రపుచ్చడానికే గాని పాడే మనిషి నిద్రపోవడానికి కాదు. ఎన్ని తరాల తల్లులు పగలంతా పొలంలో వంగి, రాత్రి ఉయ్యాల తాడు చేతబట్టుకుని, తాము సోలిపోకుండా దాన్ని పాడారో. అది కూడా రాత్రి డ్యూటీ పాటే.

ఆ పాట బిడ్డకు కూడా పనికొస్తుంది. న్యూయార్క్‌లో సంగీత చికిత్స చేసే జొయాన్ లోవీ బృందం 2013లో పదకొండు ఆసుపత్రుల్లో 272 మంది నెలలు నిండని పిల్లల మీద చేసిన అధ్యయనం ప్రకటించింది. తల్లిదండ్రులు తమకు ఇష్టమైన పాటను జోలగా, మెల్లగా, ఎదురుగా పాడినప్పుడు పిల్లల గుండె వేగం నెమ్మదించింది, పాలు పీల్చడం మెరుగైంది, తల్లిదండ్రుల ఆందోళన కూడా తగ్గింది. రికార్డు చేసిన పాట పెట్టి వెళ్లిపోవడం గురించి కాదు ఆ అధ్యయనం, బిడ్డ ఊపిరిని చూస్తూ దానికి తగ్గట్టు పాడటం గురించి. ఇది తెలిశాక ఆమె భయపడుతూ కూర్చున్న తల్లులకు ఒక మాట చెప్పడం మొదలుపెట్టింది. "మీకు వచ్చిందేదో పాడమ్మా, గొంతు బాగుండక్కర్లేదు. మీ వాడికి ఆ గొంతు లోపలున్నప్పటినుంచీ తెలుసు."

నర్సింగ్ చదువుకు మూలపుటమ్మ ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859 చివర్లో అచ్చయిన తన నర్సింగ్ పుస్తకంలో శబ్దాల మీదే ఒక అధ్యాయం రాసింది. అనవసరమైన చప్పుడు రోగికి చేసే పెద్ద అపకారమనీ, గది బయట గుసగుసలు అంతకంటే హింస అనీ ఆమె అభిప్రాయం. అదే అధ్యాయంలో సంగీతం ప్రస్తావన ఉంది. తెగకుండా సాగే స్వరం, అంటే మనిషి గొంతు, ఊదే వాద్యాలు, తీగ వాద్యాలు రోగికి మేలు చేస్తాయనీ, ముక్కలు ముక్కలుగా పలికే పియానో చెరుపు చేస్తుందనీ రాసింది. పియానో విషయం ఎలా ఉన్నా, గొంతు గురించి ఆమె గమనించింది ఈనాటి వార్డులోనూ నిలబడుతుంది.

అయిదున్నరకు ఊళ్లో గుడి మైకు లేస్తుంది. 1963లో ఎల్‌పీగా వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులోని వేంకటేశ్వర సుప్రభాతమే ఇప్పటికీ. అప్పటికి ఒంట్లో గడియారం కూడా పైకి లేవడం మొదలవుతుంది, కిటికీలో వెలుగు పడితే ఇంకా తొందరగా. నర్సులు ఇక్కడే ఒక మోసానికి లోనవుతారు. మెలకువ తిరిగి వచ్చినట్టుంటుంది గాని బాకీ అలాగే ఉంటుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ 1997లో చూపించిన లెక్క ప్రకారం, పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుంది. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునే హద్దు 100 మి.లీ. రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. నిన్న మధ్యాహ్నం రెండింటికి లేచిన నర్సు ఈ పొద్దున ఎనిమిదింటికి పద్దెనిమిది గంటలుగా మేలుకునే ఉంది. ఏ పోలీసు దగ్గరా ఆమె నిద్రను కొలిచే యంత్రం లేదు. హ్యాండోవర్ అయ్యాక స్కూటీ మీద పాట పాడుకుంటూ వెళ్లిపోవచ్చనే ధీమా అన్నిటికంటే చెడ్డది. రోడ్డు మీద చరణం అందుకునే తోడు ఉండదు, చరణం ఆగితే తలెత్తి చూసేవాళ్లూ ఉండరు.

అందుకే ఆమె నైట్ డ్యూటీ వారాల్లో స్కూటీని ఇంట్లోనే ఉంచుతుంది. ఎనిమిదీ ఇరవైకి వచ్చే ఆర్టీసీ బస్సు ఎక్కి, కళ్లకు నల్లద్దాలు పెట్టుకుని, కిటికీ పక్క సీటులో కూర్చుంటుంది. టిక్కెట్టు తీసుకుంటూనే కండక్టరుతో, "అన్నా, మా స్టాపు రాగానే లేపండి, నేను నిద్రపోతాను" అని చెప్పేస్తుంది.